పదహారు పేజీల పత్రం రెండు పేజీల్లోకి: ఒక ఎక్స్‌టెండెడ్ అబ్‌స్ట్రాక్ట్ కేస్ స్టడీ

నేపథ్యం

పరిశోధక విద్యార్థుల పత్రాలను సమర్పణకు ముందు చదివి, వాటిని సరిదిద్దడంలో సాయపడటం నా పనిలో ఒక భాగం. అలా నా దగ్గరికి వచ్చిన ఒక పత్రం గురించి ఇక్కడ రాస్తున్నాను. రచయితలను గుర్తు పట్టే వీలు లేకుండా ఊళ్ల పేర్లు, సదస్సు పేరు వదిలేశాను, అంకెలను కొద్దిగా మార్చాను. వాటి మధ్య ఉన్న సంబంధాలు మాత్రం అసలు పత్రంలో ఉన్నట్టే ఉన్నాయి.

పత్రం తెలంగాణలోని ఒక గ్రానైట్ ప్రాంతపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ గురించి. నలభై ఎనిమిది బోరు బావుల నుంచి వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత మరోసారి నీటి నమూనాలు తీశారు. పూర్తి పత్రం పదహారు పేజీలు. అందులో ఏడు పటాలు, ఐదు పట్టికలు, అరవైకి పైగా ఆధార గ్రంథాలు ఉన్నాయి. దాన్ని ఒక పత్రికకు పంపే ముందు సదస్సులో చర్చకు పెట్టాలని రచయితలు అనుకున్నారు. సదస్సు అడిగింది ఎక్స్‌టెండెడ్ అబ్‌స్ట్రాక్ట్, అంటే పూర్తి పత్రానికి కాస్త విస్తరించిన సారాంశం. ఏ4 సైజులో రెండు పేజీలు, పది పాయింట్ల అక్షరాలు, నాలుగు వైపులా రెండున్నర సెంటీమీటర్ల మార్జిన్. పటాలు, ఆధారాలు అన్నీ ఆ రెండు పేజీల్లోనే ఇమడాలి. మూడో పేజీలోకి ఒక్క వరుస వెళ్లినా సమీక్షకు పంపకుండానే తిప్పి పంపుతామని ప్రకటనలో స్పష్టంగా ఉంది.

ఎదురైన ఇబ్బంది

పరిశోధకురాలు పంపిన మొదటి ప్రతి సరిగ్గా రెండు పేజీలే ఉంది. పూర్తి పత్రంలోని ప్రతి విభాగాన్నీ ఎనిమిదో వంతుకు తగ్గించుకుంటూ పోయారు. రెండు పేజీల ఉపోద్ఘాతం పది వరుసలైంది, మూడు పేజీల పద్ధతి పదిహేను వరుసలైంది, ఫలితాలు నాలుగు చిన్న పేరాలయ్యాయి. ఫ్లోరైడ్ ఎంత ఉంది, నీరు ఏ రసాయన రకానికి చెందింది, నీటి నాణ్యతా సూచిక ఎంత, పిల్లల ఆరోగ్యానికి ముప్పు ఎంత అన్న నాలుగింటినీ తాకారు. ఏదీ వదల్లేదు.

అలాంటి ప్రతిలో తప్పు వెతకడం కష్టం, ఎందుకంటే విడిగా చూస్తే ఏ వాక్యమూ తప్పు కాదు. అందుకే నేను దిద్దడం మొదలుపెట్టకుండా, భూగర్భ శాస్త్రంలోనే వేరే అంశంపై పనిచేస్తున్న ఒక సహోద్యోగికి దాన్ని ఇచ్చి, చదివాక కాగితం మూసేసి వీళ్లు ఏం కనుక్కున్నారో ఒక్క వాక్యంలో చెప్పమన్నాను. "ఆ ప్రాంతపు బావుల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉందని కనుక్కున్నారు" అన్నారు. అది కొత్త సంగతి కాదు. తెలుగు నేల మీద ఫ్లోరోసిస్‌ను అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు ప్రాంతంలో 1937లోనే నమోదు చేశారు. ఫ్లోరైడ్‌ను తొలగించడానికి పటిక, సున్నం వాడే విధానానికి నల్లగొండ పేరే ఉంది. ఫ్లోరైడ్ ఉందన్న మాట ఒక్కటే చేతికొస్తే ఏ సమీక్షకుడూ ఆ పత్రం కోసం సదస్సులో పదిహేను నిమిషాలు కేటాయించడు.

పూర్తి పత్రంలో కొత్త సంగతి ఉంది. పదకొండో పేజీలో, రెండు పట్టికల మధ్య ఉంది. వానల తర్వాత నీరు పలచబడి ఫ్లోరైడ్ తగ్గుతుందని సాధారణంగా ఆశిస్తాం. ఇక్కడ ఎక్కువ బావుల్లో అది పెరిగింది. పెరిగిన బావులు దాదాపు అన్నీ కాల్షియం తగ్గిన బావులే. ఎనిమిదో వంతుకు కుదించినప్పుడు ఈ సంగతి కూడా ఎనిమిదో వంతే మిగిలింది. అంటే ఒక వాక్యం, అదీ నాణ్యతా సూచిక గురించిన పేరా చివర.

ఫలించని ప్రయత్నాలు

కొత్త సంగతి మరుగున పడిందని చెప్పినప్పుడు పరిశోధకురాలి తొలి ఆలోచన, ఉన్నదాన్ని తీయకుండా దానికి చోటు కల్పించడం. రెండో ప్రతిలో కాల్షియం గురించి ఒక పేరా, ఒక పటం చేరాయి. అవి పట్టడానికి వర్డ్‌లో ఫాంట్ డయలాగ్‌లోని Advanced ట్యాబ్‌కు వెళ్లి Spacing దగ్గర Condensed ఎంచుకుని అక్షరాల మధ్య దూరం తగ్గించారు. వరుసల ఎడం Exactly 11 ptకి దించారు. పటాల కింది వ్యాఖ్యలను ఏడు పాయింట్లకు మార్చారు. ఏడు అయాన్ల నిష్పత్తులను చూపే పైపర్ చిత్రాన్ని ఏడు సెంటీమీటర్ల వెడల్పుకు కుదించారు.

ఈ దారి ఎందుకు వద్దన్నానంటే, నియమం ఉల్లంఘన ఒక కారణమైతే, అంతకంటే పెద్ద కారణం పైపర్ చిత్రమే. నలభై ఎనిమిది బావులు, రెండు కాలాలు కలిసి తొంభై ఆరు గుర్తులు. అవి చిత్రంలోని మూడు భాగాల్లోనూ మళ్లీ మళ్లీ పడతాయి. ఆ వెడల్పులో ప్రింటు తీసి చూస్తే వానకు ముందువి, తర్వాతవి కలిసిపోయి ఒక నల్లటి మచ్చగా కనిపించాయి. చదవలేని పటం చోటు తినడమే కాదు, దాన్ని ఆధారంగా చేసుకున్న వాక్యాలను కూడా నిరాధారం చేస్తుంది. మరో చిక్కు కూడా బయటపడింది. ఆ ఫైలును సహరచయిత తన కంప్యూటర్‌లో లిబ్రె ఆఫీస్‌లో తెరిస్తే, అక్కడ టైమ్స్ న్యూ రోమన్ లేకపోవడంతో వేరే ఫాంట్ వచ్చి, పత్రం మూడో పేజీలోకి జారింది. అంచు దాకా బిగించిన పేజీ ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు మారితే నిలబడదు. అప్పటి నుంచి పేజీల లెక్కను వర్డ్ కిటికీలో చూడటం మాని, ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్‌లోనే చూశాం. చివర కనీసం నాలుగు వరుసలు ఖాళీగా ఉంచాలని కూడా అనుకున్నాం.

మూడో ప్రయత్నం వాక్యాలను బిగించడం. పునరుక్తులు తీసేయడం, రెండు వాక్యాలను ఒకటి చేయడం, "అని గమనించడం జరిగింది" లాంటి డొంకతిరుగుడు మాటలను కత్తిరించడం. ఇది తప్పకుండా చేయాల్సిన పనే, దీంతో ఐదారు వరుసలు మిగిలాయి కూడా. కానీ ఇందులో ఒక ప్రమాదం ఉంది, దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

పూర్తి పత్రంలో ఒక వాక్యం ఉంది. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటుంది: "కాల్షియం తగ్గిన ముప్ఫై నాలుగు బావుల్లో ఇరవై తొమ్మిదింటిలో ఫ్లోరైడ్ పెరిగింది; ఈ తగ్గుదలకు ప్రధానంగా కాల్సైట్ అవక్షేపణ, కొంత మేరకు సోడియంతో జరిగే అయాన్ మార్పిడి కారణమై ఉండవచ్చు." కాల్సైట్ అవక్షేపణ అంటే నీటిలోని కాల్షియం కార్బొనేట్ ఖనిజంగా మారి విడిపోవడం; అయాన్ మార్పిడి అంటే మట్టి, రాయి నీటిలోని కాల్షియంను పట్టుకుని బదులుగా సోడియంను వదలడం. బిగించాక అది ఇలా అయింది: "కాల్సైట్ అవక్షేపణ వల్ల కాల్షియం తగ్గి ఫ్లోరైడ్ పెరుగుతుంది." మాటలు సగానికి పైగా తగ్గాయి, చదవడానికి సుఖంగా కూడా ఉంది. కానీ ఎన్ని బావులన్నది పోయింది, ఐదు బావులు ఈ సూత్రానికి లొంగలేదన్నది పోయింది, రెండో కారణం పోయింది, "ఉండవచ్చు" పోయింది. పూర్తి పత్రం నిరూపించని దాన్ని రెండు పేజీల పత్రం నిరూపించినట్టు చెబుతోంది. చోటు కోసం కత్తెర పట్టినప్పుడు మొదట తెగిపడేవి ఈ పరిమితి మాటలే, ఎందుకంటే అవి లేకపోయినా వాక్యం వ్యాకరణపరంగా నిలుస్తుంది. అందువల్ల వాక్యాలు బిగించిన ప్రతిసారీ, కుదించిన ప్రతిలోని ప్రతి నిర్ధారణ వాక్యాన్నీ పూర్తి పత్రంలోని మూల వాక్యం పక్కన పెట్టి, బలం పెరిగిందేమో చూడాలని నియమం పెట్టుకున్నాం. చోటు చాలకపోతే ఆ నిర్ధారణను పూర్తిగా వదలాలి. పరిమితిని మాత్రం కోసేయకూడదు.

పనిచేసిన పద్ధతి

ఆ తర్వాత పూర్తి పత్రం ఫైలును మూసేయమని చెప్పాను. పెద్దదాన్ని తగ్గించుకుంటూ వస్తే ఏది తీసేయాలన్న ప్రశ్నే ముందుంటుంది. ఖాళీ కాగితం మీద మొదలుపెడితే ఏది లేకుండా కుదరదన్న ప్రశ్న వస్తుంది. పరిశోధకురాలు ఫలితాన్ని మొదట నోటితో చెప్పారు: "సర్, వానల తర్వాత ఫ్లోరైడ్ తగ్గలేదు, పెరిగింది. ఎక్కడ కాల్షియం తగ్గిందో అక్కడే పెరిగింది." రెండు పేజీలూ ఆ మాట కోసమే అనుకున్నాం.

ముందు పటం. పూర్తి పత్రంలోని ఏడు పటాల్లో ఏ ఒక్కటీ ఈ మాటను నేరుగా చూపదు. ఫ్లోరైడ్ మ్యాపులు రెండు, పైపర్ చిత్రం, సంతృప్త సూచికల చిత్రం ఇలా మూడు నాలుగు కలిపి చూస్తే తప్ప అర్థం కాదు. అందుకని పట్టికల్లో ఉన్న దత్తాంశంతోనే ఒక కొత్త పటం గీశారు. అడ్డం గీత మీద ఒక్కో బావిలో రెండు కాలాల మధ్య కాల్షియంలో వచ్చిన మార్పు, నిలువు గీత మీద ఫ్లోరైడ్‌లో వచ్చిన మార్పు, ఒక్కో బావికి ఒక్క చుక్క. తొంభై ఆరు గుర్తులు నలభై ఎనిమిదికి తగ్గాయి. నాలుగు గడుల్లో ఎడమ పై గడిలో, అంటే కాల్షియం తగ్గి ఫ్లోరైడ్ పెరిగిన చోట, ఇరవై తొమ్మిది చుక్కలు పడ్డాయి. లొంగని బావులు కూడా అక్కడే కంటికి కనిపిస్తాయి: కాల్షియం తగ్గినా ఫ్లోరైడ్ పెరగని ఐదు, కాల్షియం తగ్గకపోయినా ఫ్లోరైడ్ పెరిగిన మూడు. ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పులో కూడా ఇది స్పష్టంగా చదవగలిగేలా ఉంది. ఇది కొత్త ఫలితం కాదు, ఉన్న అంకెలకు వేరే చూపు మాత్రమే. కాబట్టి పూర్తి పత్రంతో ఎక్కడా వైరుధ్యం రాదు. తర్వాత దాన్ని పూర్తి పత్రంలోనూ చేర్చారు.

తర్వాత చోటు పంపకం. ఈ మూసలో బొమ్మ లేకుండా రెండు పేజీలకు వెయ్యి మాటల పైచిలుకు పడతాయి. పటం, దాని వ్యాఖ్య కలిపి పావు పేజీ తీసుకున్నాయి. శీర్షిక, రచయితల పేర్లు, ఆధారాలు పోగా వచనానికి దాదాపు ఏడు వందల యాభై మాటలు మిగిలాయి. అందులో సగం పటాన్ని వివరించడానికి, దాని వెనకున్న రసాయన శాస్త్రానికి ఇచ్చాం. కాల్షియం, ఫ్లోరైడ్ కలిసి ఫ్లోరైట్ అనే ఖనిజంగా ఉంటాయి. నీటిలో కాల్షియం తగ్గితే ఆ ఖనిజం ఇంకా కరగడానికి వీలు చిక్కుతుంది, ఫ్లోరైడ్ నీటిలోకి వస్తుంది. ఈ అధ్యయనంలోని ఎక్కువ నమూనాలు కాల్సైట్ విషయంలో అతి సంతృప్తంగా, ఫ్లోరైట్ విషయంలో అసంతృప్తంగా ఉన్నాయి, అంటే కాల్సైట్ అవక్షేపించే, ఫ్లోరైట్ ఇంకా కరిగే స్థితిలో ఉన్నాయి. ఈ ఒక్క వాక్యం ఒక పూర్తి పటానికి బదులుగా నిలిచింది.

పద్ధతి విభాగం దగ్గర ఎక్కువసేపు చర్చించాం. మొదటి ప్రతిలో అధ్యయన ప్రాంతం అక్షాంశ రేఖాంశాలు, సగటు వర్షపాతం, పంటలు, నమూనాలను పాలిథిలీన్ సీసాల్లో తీశామన్న సంగతి ఉన్నాయి. ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుందని ఈ రంగంలో అందరికీ తెలుసు కాబట్టి సీసా సంగతి అక్కర్లేదు. అక్కడ లేనిది పీహెచ్ ఎక్కడ కొలిచారన్నది. ఆ మాట లేకపోతే ఈ పత్రం నిలవదు. నీరు సీసాలో నిల్వ ఉంటే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, కాల్సైట్ సీసాలోనే అవక్షేపించి కాల్షియం తగ్గవచ్చు. అంటే మనం భూమిలో జరిగిందని చెబుతున్న మార్పు ప్రయోగశాల అల్మారాలో జరిగి ఉండవచ్చని సమీక్షకుడు అనుమానించగలడు. పరిశోధకురాలు పీహెచ్‌ను, క్షారత్వాన్ని బావి దగ్గరే కొలిచారు. కాల్షియం కోసం తీసిన నమూనాను వడకట్టి ఆమ్లం కలిపి భద్రపరిచారు. పూర్తి పత్రంలో అది ఆరో పేజీలో సాధారణ వివరంగా ఉంది. ఇక్కడ దాన్ని పద్ధతి విభాగంలో మొదటి వాక్యంగా పెట్టాం. దాని తర్వాత రెండు కాలాల్లోనూ అవే బావులన్న మాట, అయాన్ల విద్యుదావేశ సమతుల్యతలో తేడా ఐదు శాతం లోపు ఉందన్న మాట, ఫ్లోరైడ్‌ను అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచామన్న మాట. మిగిలిన విశ్లేషణలన్నీ ప్రామాణిక పద్ధతుల ప్రకారం చేశామని ఒక్క ఆధారంతో సరిపెట్టాం. ఏ వివరం ఉంచాలి, ఏది తీయాలి అన్నదానికి మేం అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది లేకపోతే పటంలోని ఇరవై తొమ్మిది చుక్కల మీద నమ్మకం తగ్గుతుందా?

ఆధారాల విషయంలోనూ అదే కొలమానం. అరవైలో ఆరు మిగిలాయి: తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదనే పరిమితికి ఒకటి, విశ్లేషణ పద్ధతికి ఒకటి, రసాయన ప్రక్రియకు రెండు, ఇదే తరహా రాతి ప్రాంతంలో వానల తర్వాత ఫ్లోరైడ్ తగ్గిందని చెప్పిన అధ్యయనాలకు రెండు. చివరి రెండూ తప్పనిసరి. మన ఫలితం ఎందుకు గమనించదగ్గదో వాటి పక్కన పెడితేనే తెలుస్తుంది.

ఆరోగ్య ముప్పు విభాగాన్ని పూర్తిగా తీసేయడం అన్నిటికంటే కష్టమైంది. అది పెద్ద సహరచయిత చేసిన భాగం. కనీసం ఒక వాక్యమైనా ఉండాలని ఆయన కోరారు. ఆ కోరిక న్యాయమైనదే. అయితే "పిల్లలకు ముప్పు సూచిక కూడా లెక్కించాం, అది ఒకటికి మించి ఉంది" అన్న ఒక్క వాక్యం పెడితే, పిల్లల బరువు ఎంతనుకున్నారు, రోజుకు ఎన్ని లీటర్లు తాగుతారనుకున్నారు అన్నవి లేకుండా ఆ అంకెకు అర్థం లేదు. అవన్నీ రాస్తే ఆరు వరుసలవుతాయి, పటం వివరణ కుంచించుకుపోతుంది. ఆధారం చూపలేని వాక్యం పెడితే ఆయన పనికే నష్టమని పరిశోధకురాలు చెప్పగా ఆయన ఒప్పుకున్నారు. దీనికి ఇంకో కోణం కూడా ఉంది. సదస్సు సంపుటి ప్రచురణగా వెలువడితే, తర్వాత పూర్తి పత్రం తీసుకునే పత్రిక దాన్ని ముందే ప్రచురితమైనట్టు భావించవచ్చు. అందుకని పత్రిక నియమాలు ముందే చూసుకున్నాం. ఎక్స్‌టెండెడ్ అబ్‌స్ట్రాక్ట్‌ను అనుమతిస్తామని, అయితే సమర్పణ లేఖలో తెలియజేయాలని అందులో ఉంది. ఆరోగ్య విభాగం, నాణ్యతా సూచిక రెండూ పూర్తి పత్రానికే మిగలడం ఆ విధంగానూ మంచిదైంది.

ఉపోద్ఘాతం చివర రాశాం. ఫ్లోరోసిస్ చరిత్ర, దేశంలో ఎన్ని జిల్లాల్లో ఉందన్న అంకెలు ఏవీ లేవు. వానల తర్వాత ఫ్లోరైడ్ తగ్గుతుందన్న సాధారణ అంచనా, దానికి భిన్నంగా ఇక్కడ కనిపించింది, ఆ తేడాకు కారణం వెతుకుతున్నామన్న మాట, అంతే. ఐదు వాక్యాలు.

మొదటి ప్రతిని ఆ సహోద్యోగి అప్పటికే ఒకసారి చదివి ఉన్నారు కాబట్టి, ఈ కొత్త ప్రతిని వేరొకరికి ఇచ్చి అదే ప్రశ్న అడిగాం. ఆమె కాగితం మూసి, "వానల తర్వాత కాల్షియం పోయిన బావుల్లో ఫ్లోరైడ్ పెరిగిందంటున్నారు, కానీ కొన్ని బావుల్లో అలా జరగలేదు, ఎందుకు?" అన్నారు. ఆ ఐదు బావుల్లో నాలుగు, కాలువ నీటితో నిండే ఒక చెరువు కింద ఉన్నాయి, అక్కడ నీరు నిజంగానే పలచబడి ఉండవచ్చు. ఆ వాక్యం ప్రతిలో లేదు. ఖాళీగా ఉంచిన నాలుగు వరుసల్లో రెండు దానికి ఇచ్చాం.

ఫలితం, దాని నుంచి నేర్చుకున్నది

పత్రం మౌఖిక సమర్పణకు ఎంపికైంది. సమీక్షకుల వ్యాఖ్యలు ఎంపిక కంటే ఎక్కువ చెబుతాయి. పత్రం చెదిరిపోయి ఉంటే "భాష మెరుగుపరచాలి", "మరిన్ని వివరాలు ఇవ్వాలి" అన్నట్టు వస్తాయి. ఈసారి ఒకరు బావుల లోతు అడిగారు. మరొకరు, కాల్షియం తగ్గడంలో కాల్సైట్ వాటా ఎంత, అయాన్ మార్పిడి వాటా ఎంత అని అడిగారు. రెండూ ఆ పటాన్ని నమ్మి, దాని లోపలికి వెళ్లిన ప్రశ్నలు.

రెండో ప్రశ్నకు జవాబు పూర్తి పత్రంలో ఉంది. అయాన్ మార్పిడి జరిగితే కాల్షియం, మెగ్నీషియం తగ్గినంత మేర సోడియం పెరగాలి. ఆ లెక్క చూపే చిత్రాన్ని మేం మొదట్లోనే వదిలేశాం. అప్పుడు "ప్రధానంగా", "కొంత మేరకు" అన్న మాటలను కత్తెర నుంచి కాపాడుకోవడం వల్ల ఇప్పుడు జవాబు చేర్చడానికి దారి దొరికింది. "కాల్సైట్ వల్ల" అని మాత్రమే రాసి ఉంటే ఈ దశలో సవరణ అంటే మాట వెనక్కి తీసుకోవడమే అయ్యేది. కుదించేటప్పుడు ఏయే విభాగాలు ఎందుకు వదిలామో ఒక కాగితం మీద రాసుకోవడం కూడా అక్కరకు వచ్చింది. సదస్సులో అడగబోయే ప్రశ్నల్లో చాలా భాగం ఆ కాగితంలోనే ఉన్నాయని పరిశోధకురాలు దాన్ని బట్టే అదనపు స్లైడ్లు తయారు చేసుకున్నారు.

తుది ప్రతికి కూడా పరిమితి రెండు పేజీలే. బావుల లోతు పటం వ్యాఖ్యలో ఇమిడింది. అయాన్ మార్పిడికి రెండు వాక్యాలు కావాల్సి వచ్చాయి: సోడియం పెరుగుదల కాల్షియం తగ్గుదలలో కొంత భాగాన్నే వివరించగలదని ఒకటి, ఏ బావిలో ఎంతన్నది ఈ దత్తాంశంతో విడదీయలేమని మరొకటి. ఆ చోటు కోసం అధ్యయన ప్రాంతం గురించిన చివరి వాక్యాన్ని, మిగిలిన రెండు ఖాళీ వరుసల్లో ఒకదాన్ని వాడుకున్నాం. పీడీఎఫ్‌ను రెండు వేర్వేరు కంప్యూటర్లలో తెరిచి, ప్రింటు తీసి, పటంలోని చుక్కలు మామూలు దూరం నుంచి చదవగలుగుతున్నామని చూసుకున్నాక పంపారు.